ప్రాజెక్టు డైరీ: వంటింటి క్యాబినెట్ల కింద ఎల్‌ఈడీ స్ట్రిప్, చివరిదాకా ఒకే వెలుగు

శనివారం, కొలతలు

హైదరాబాదులోని మా ఫ్లాటులో వంటిల్లు ఎల్ ఆకారంలో ఉంది. పొడవు గోడకు 3.2 మీటర్లు, పొట్టి గోడకు 2.4 మీటర్లు పైక్యాబినెట్లు ఉన్నాయి, రెండూ మూలలో కలుస్తాయి. స్టవ్వు, చిమ్నీ పొట్టి గోడపై క్యాబినెట్లు అయిపోయిన తరువాత వస్తాయి కాబట్టి స్ట్రిప్‌ను మధ్యలో తెంచవలసిన అవసరం లేదు. సీలింగు లైటు ఎప్పుడూ మనిషి వెనుక ఉంటుంది, అందువల్ల కూరగాయలు తరిగేటప్పుడు మన నీడే గట్టు మీద పడుతుంది. ఆ నీడను తొలగించడమే ఈ పని ఉద్దేశం.

గట్టుకు వేసింది నిగనిగలాడే నల్లరాయి, ప్రకాశం జిల్లా చీమకుర్తి ప్రాంతంలో దొరికే బ్లాక్ గెలాక్సీ. ఈ రాయి అద్దంలా పనిచేస్తుంది. మూత లేని స్ట్రిప్ పెడితే వెలుగు కన్నా ముందు చుక్కల వరుస రాయిలో కనిపిస్తుంది. అందువల్ల పాలరంగు మూత ఉన్న అల్యూమినియం ప్రొఫైల్ తప్పనిసరి అని మొదటే నిర్ణయించుకున్నాను. ప్రొఫైల్‌ను క్యాబినెట్ ముందు అంచుకు దగ్గరగా, కొంచెం గోడ వైపు వంచి బిగిస్తే గట్టు ముందు భాగానికీ, వెనుక టైల్సుకూ వెలుగు అందుతుంది, నిలబడిన మనిషి కళ్లలో మాత్రం పడదు.

స్ట్రిప్ మీటరుకు 120 ఎల్‌ఈడీలు, మీటరుకు 9.6 వాట్లు, 24 వోల్టులది తీసుకున్నాను. మొత్తం పొడవు 5.6 మీటర్లు కనుక లోడు దాదాపు 54 వాట్లు, కరెంటు 2.24 ఆంపియర్లు. రోలు ఒక్కొక్కటి 5 మీటర్లే ఉంటుంది కాబట్టి రెండు రోళ్లు కావాలి. అవి ఒకే బ్యాచ్‌వి కావాలని షాపులో పట్టుబట్టాను, ఎందుకంటే రెండు వేర్వేరు బ్యాచ్‌ల తెలుపులు పక్కపక్కన పెడితే ఒకటి పసుపుగా, ఇంకొకటి నీలంగా తేలడం తరచుగా జరుగుతుంది.

శనివారం సాయంత్రం, డ్రైవర్ ఎంపిక

ఇంటి 230 వోల్టుల కరెంటును స్ట్రిప్‌కు కావలసిన 24 వోల్టులుగా మార్చే పెట్టెనే డ్రైవర్ అంటారు. షాపులో "ఎల్‌ఈడీ డ్రైవర్ ఇవ్వండి" అని అడిగితే ఒక్కోసారి ప్యానెల్ లైటుకు పెట్టే డ్రైవర్ చేతికొస్తుంది. అది కాన్‌స్టంట్ కరెంట్ రకం, మన స్ట్రిప్‌కు పనికిరాదు. తేడాను లేబుల్ మీదే పట్టుకోవచ్చు. అవుట్‌పుట్ దగ్గర మిల్లీ ఆంపియర్లు ఒకే అంకెగా ఉండి, వోల్టులు "40 నుంచి 70" అన్నట్లు ఒక వ్యాప్తిగా రాసి ఉంటే అది కాన్‌స్టంట్ కరెంట్. వోల్టులు 24 అని ఒకే అంకెగా ఉండి, ఆంపియర్లకు గరిష్ఠ పరిమితి రాసి ఉంటే అది కాన్‌స్టంట్ వోల్టేజ్. స్ట్రిప్‌లో ప్రతి ఆరు ఎల్‌ఈడీలకూ ఒక రెసిస్టర్ ఉండి కరెంటును అక్కడికక్కడే అదుపు చేస్తుంది కనుక దానికి కావలసింది స్థిరమైన వోల్టేజీ మాత్రమే.

వాట్ల లెక్క సులువు. డ్రైవర్‌ను దాని సామర్థ్యంలో 80 శాతానికి మించి వాడకూడదన్న పద్ధతి ప్రకారం 54ను 0.8తో భాగిస్తే 67.5 వస్తుంది, దాని పైన దొరికేది 75 వాట్లది. 100 వాట్లది పెట్టినా హాని లేదు, లాభమూ లేదు. మా ఎలక్ట్రీషియన్ మాత్రం 150 వాట్లది సూచించాడు. "పెద్దది వేస్తే చివరిదాకా ఫుల్‌గా వెలుగుతుంది సార్, లాంగ్ రన్ కదా" అన్నాడు. చాలామంది అనుకునేది ఇదే. కానీ డ్రైవర్ చిన్నదైనా పెద్దదైనా దాని టెర్మినళ్ల దగ్గర ఉండేది 24 వోల్టులే. దారిలో పోయే వోల్టులు రాగి మందం, పొడవు, ప్రవహించే కరెంటు, ఈ మూడింటిని బట్టి పోతాయి. డ్రైవర్ మీద రాసిన వాట్లకు అందులో పాత్ర లేదు.

డ్రైవర్ పెట్టె విషయంలో ఇంకొక మాట. రంధ్రాల జాలీ ఉన్న ఎస్‌ఎంపీఎస్ రకం డ్రైవర్ చవక, పైగా వోల్టేజీని కొద్దిగా సవరించే చిన్న స్క్రూ కూడా దానికి ఉంటుంది. కానీ వంటింట్లో నూనె ఆవిరి ఆ రంధ్రాల్లోంచి లోపలికి చేరి దుమ్మును పట్టి ఉంచుతుంది, వెచ్చదనానికి బొద్దింకలూ బల్లులూ వెతుక్కుంటూ వస్తాయి. అందుకే పూర్తిగా మూసి ఉన్న, లోహపు తొడుగు గల 75 వాట్ల డ్రైవర్ కొన్నాను. దాని మీద భారతీయ ప్రమాణం ఐఎస్ 15885 రిజిస్ట్రేషన్ గుర్తు ఉందో లేదో చూసుకున్నాను.

ఆదివారం, అంటించే ముందు నేల మీద పరీక్ష

ఎలక్ట్రీషియన్ చెప్పిన పథకం ఇలా ఉంది. డ్రైవర్ పొడవు గోడకు మూల కాని చివరన ఉన్న టాల్ యూనిట్‌లో, అంటే నిలువెత్తు అలమరలో కూర్చుంటుంది. అక్కడి నుంచే స్ట్రిప్ మొదలై, పొడవు గోడంతా నడిచి, మూల తిరిగి, పొట్టి గోడ చివరిదాకా ఒకే వరుసగా వెళుతుంది. వైరు దాదాపు అక్కరలేదు, రంధ్రమూ ఒక్కటే. స్ట్రిప్ ప్యాకెట్ మీద కూడా ఒక వైపు నుంచి 10 మీటర్ల వరకు నడపవచ్చని రాసి ఉంది. ఆ మాట నమ్మి అంటించేయడం కన్నా నేల మీద పరచి కొలవడం మేలనిపించింది.

ముందుగా స్ట్రిప్‌లోని రాగి నిరోధాన్ని కొలిచాను. స్ట్రిప్‌కు కరెంటు లేనప్పుడు మల్టీమీటరును ఓమ్‌ల మీద పెట్టి, మొదటి ప్లస్ ప్యాడ్ నుంచి చివరి ప్లస్ ప్యాడ్‌కు చూడాలి. మీటరు తీగలకే 0.2, 0.3 ఓమ్‌ల నిరోధం ఉంటుంది కాబట్టి వాటి మొనలు కలిపి వచ్చిన అంకెను తీసివేయాలి. 5 మీటర్ల రోలుకు తీసివేత పోగా 0.83 ఓమ్‌లు వచ్చింది, అంటే మీటరుకు 0.166. కరెంటు ప్లస్ దారిలో వెళ్లి మైనస్ దారిలో తిరిగి రావాలి కనుక మీటరుకు మొత్తం 0.33 ఓమ్‌లు. పలుచని రాగిపొర ఉన్న స్ట్రిప్‌లకు ఇది సహజమైన అంకె. రాగిపొర రెట్టింపు మందం ఉన్నవాటిలో ఇది సుమారు సగం ఉంటుంది, వాటి ధర ఎక్కువ కావడానికి అది ఒక కారణం.

స్ట్రిప్‌లో కరెంటు మొదటి నుంచి చివరి వరకు ఒకేలా ఉండదు. దారి పొడవునా ఎల్‌ఈడీలు కొంచెం కొంచెంగా తీసుకుంటూ పోతాయి, చివరికి దాదాపు సున్నా అవుతుంది. అందువల్ల మొత్తం కరెంటును మొత్తం నిరోధంతో గుణించి సగం చేయాలి. సూత్రంగా రాస్తే ఇది:

```
V = i × r × L² ÷ 2
```

ఇందులో `i` మీటరుకు తీసుకునే కరెంటు (మనకు 0.4 ఆంపియర్లు), `r` మీటరుకు రానూపోనూ నిరోధం (0.33), `L` పొడవు. 5.6 మీటర్లకు లెక్క వేస్తే 2.07 వోల్టులు వస్తుంది. ఈ సూత్రంలో గమనించవలసినది పొడవు మీద ఉన్న వర్గం గుర్తు. పొడవు సగమైతే నష్టం సగం కాదు, నాలుగో వంతు అవుతుంది.

రెండు రోళ్లను తాత్కాలికంగా కలిపి, 5.6 మీటర్లూ నేల మీద సాపుగా పరచి వెలిగించాను. చుట్టగా ఉన్న రోలును ఎక్కువసేపు వెలిగించకూడదు, వేడి బయటికి పోదు. మొదట్లో 23.9 వోల్టులు, చివరన 22.3. లెక్క కన్నా నష్టం కొంచెం తక్కువ, 1.6 వోల్టులే. దానికి కారణం ఉంది. వోల్టేజీ తగ్గినకొద్దీ ఎల్‌ఈడీలు తీసుకునే కరెంటు కూడా తగ్గుతుంది, కరెంటు తగ్గితే నష్టమూ తగ్గుతుంది. ఈ కొలత స్ట్రిప్ పూర్తిగా వెలుగుతున్నప్పుడే తీసుకోవాలి. లోడు లేకుండా ఖాళీ వైరు చివర మీటరు పెడితే ఎంత దూరంలోనైనా 24 చూపిస్తుంది, దాన్ని చూసి అంతా బాగుందనుకుంటే మోసపోతాం.

24లో 1.6 అంటే 7 శాతం లోపే కదా, కంటికి తెలుస్తుందా అని ఎలక్ట్రీషియన్ అడిగాడు. ప్రశ్న సబబే, కానీ తెలుస్తుంది. ఈ స్ట్రిప్‌లో ప్రతి ముక్కలో ఆరు ఎల్‌ఈడీలు వరుసగా ఉంటాయి, ఒక్కొక్కటి సుమారు 3 వోల్టులు పట్టుకుంటుంది. అంటే 18 వోల్టులు ఎల్‌ఈడీలకే పోతాయి, మిగిలిన 6 వోల్టులే రెసిస్టర్ మీద పడతాయి. కరెంటును నిర్ణయించేది ఆ 6 వోల్టులు. చివర 22.3 మాత్రమే ఉన్నప్పుడు రెసిస్టర్‌కు దక్కేది 4.3. మొదట్లో దానికి 5.9 దక్కుతోంది. కాబట్టి చివరి ముక్కలో కరెంటు నాలుగో వంతుకు పైగా పడిపోతుంది, వెలుగూ దాదాపు అంతే తగ్గుతుంది. అమ్మేవాళ్లు ఎక్కడా చెప్పని విషయం ఇదే: వోల్టేజీలో 7 శాతం తేడా వెలుగులో 27 శాతం తేడాగా బయటపడుతుంది.

ఇదే వాట్లకు 12 వోల్టుల స్ట్రిప్ తీసుకుని ఉంటే సంగతి ఇంకా చెడేది. కరెంటు రెట్టింపై 4.5 ఆంపియర్లు అయ్యేది, సూత్రం ప్రకారం నష్టం 4 వోల్టులు దాటేది. ఆ రకంలో మూడు ఎల్‌ఈడీలకు 9 వోల్టులు పోగా రెసిస్టర్‌కు మిగిలేదే 3. నిజానికి చివర్న కరెంటు తగ్గిపోవడం వల్ల నష్టం లెక్కలో చూపినంత ఉండదు గాని, పొట్టి గోడ సగం దాటాక వెలుగు బాగా వెలవెలబోయేది. చిన్న పూజగది అరకు 12 వోల్టులు చాలు. వంటింటి పొడవుకు 24 తప్ప వేరే ఆలోచన అవసరం లేదు.

ఆదివారం మధ్యాహ్నం, పథకం మార్పు

డ్రైవర్‌ను మూలకు తీసుకుపోయే వీలు లేదు, ప్లగ్ సాకెట్ టాల్ యూనిట్‌లోనే ఉంది. కానీ డ్రైవర్ ఎక్కడున్నా స్ట్రిప్‌లోకి కరెంటు ప్రవేశించే చోటు మన చేతిలో ఉంది. డ్రైవర్ నుంచి మందమైన వైరును క్యాబినెట్ల మీదుగా మూల దాకా తెచ్చి, అక్కడ రెండు స్ట్రిప్‌లనూ పక్కపక్కన సమాంతరంగా కలిపితే 5.6 మీటర్ల పరుగు 3.2, 2.4 మీటర్ల రెండు పరుగులుగా విడిపోతుంది. సూత్రంలో పెడితే నష్టం 0.68, 0.38 వోల్టులకు దిగుతుంది.

మూలను ఎంచుకోవడానికి ఇంకొక కారణం కూడా ఉంది. మూడు మీటర్ల పొడవునా మెల్లగా తగ్గే వెలుగును మనిషి కన్ను పట్టుకోలేదు, పక్కపక్కన ఉన్న రెండు చోట్ల తేడాను మాత్రం వెంటనే పట్టేస్తుంది. రెండు స్ట్రిప్‌లనూ టాల్ యూనిట్ నుంచే విడివిడిగా నడిపి ఉంటే, పొడవు స్ట్రిప్ మసకబారిన కొస పొట్టి స్ట్రిప్ ప్రకాశవంతమైన మొదలును మూలలోనే తాకేది, తేడా అక్కడ గీత గీసినట్లు కనిపించేది. మూల నుంచి కరెంటు ఇస్తే రెండు మొదళ్లూ అక్కడ కలుస్తాయి, మసక కొసలు రెండూ గది రెండు చివర్లకు వెళ్లిపోతాయి, వాటిని పోల్చి చూసే అవకాశమే ఉండదు.

పొడవు స్ట్రిప్‌కు రెండో చివర కూడా కరెంటు ఇవ్వవచ్చు. అప్పుడు నష్టం మళ్లీ నాలుగో వంతుకు, అంటే 0.17కు దిగుతుంది. మన పొడవుకు అది అనవసరమని నా అభిప్రాయం. 5 మీటర్లు దాటిన ఒంటి గోడ అయితే తప్పకుండా అలాగే చేయాలి. రెండు చివర్లూ ఒకే డ్రైవర్ నుంచి రావాలి, ప్లస్‌కు ప్లస్ కలవాలి.

ఇక వైరు సంగతి. టాల్ యూనిట్ నుంచి పైకెక్కి, మూల దాకా వచ్చి, కిందికి దిగేసరికి 4.5 మీటర్లు. షాపుల్లో ఎల్‌ఈడీ వైరు పేరుతో అమ్మే సన్నని ఎరుపు నలుపు జంట వైరు 0.5 చదరపు మిల్లీమీటర్లది అనుకుంటే, అందులోనే 0.8 వోల్టు పోతుంది. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి ఫ్లెక్సిబుల్ వైరులో 0.27 మాత్రమే. ధరలో తేడా పెద్దగా లేదు, 1.5దే వేశాను. అయితే వైరులో పోయే వోల్టులకూ స్ట్రిప్‌లో పోయే వోల్టులకూ స్వభావంలో తేడా ఉంది. వైరులో పోయినవి మొత్తం స్ట్రిప్‌ను ఒకేలా తగ్గిస్తాయి. స్ట్రిప్‌లో పోయినవి మాత్రమే ఒక కొసకూ ఇంకొక కొసకూ మధ్య తేడా తెస్తాయి. సవరణ స్క్రూ ఉన్న డ్రైవర్‌తో వైరు నష్టాన్ని పూడ్చవచ్చు, స్ట్రిప్ మొదట్లో 24 దాటకుండా చూసుకుంటే సరిపోతుంది. కొసల మధ్య తేడా ఆ స్క్రూతో పోదు, అన్నిచోట్లా వోల్టేజీ పెరుగుతుంది తప్ప.

తరువాతి ఆదివారం, బిగింపు

ప్రొఫైళ్లు కోసి, క్లిప్పుల మీద బిగించడం సగం పూటలో అయిపోయింది, అందులో రాయవలసినదేమీ లేదు. ప్రొఫైల్ లోపల స్పిరిట్‌తో తుడిచి ఆరిన తరువాతే స్ట్రిప్ అంటించాను. అల్యూమినియం వేడిని లాగేస్తుంది కనుక స్ట్రిప్‌ను నేరుగా ప్లైవుడ్ లామినేట్ మీద అంటించడం కన్నా ఇది ఎంతో నయం. నూనె పట్టిన లామినేట్ మీద జిగురు ఎలాగూ ఎక్కువ కాలం నిలవదు.

స్ట్రిప్‌ను గుర్తు ఉన్నచోటే కత్తిరించాలి. ఈ రకంలో ప్రతి 5 సెంటీమీటర్లకూ ఒక గుర్తు ఉంది. పొడవు ప్రొఫైల్‌లో రోలు కొత్త కొసనుంచి కోసిన ముక్కను, పొట్టి ప్రొఫైల్‌లో రెండో రోలు ముక్కను వాడాను, కాబట్టి ఏ పరుగులోనూ మధ్యలో అతుకు లేదు.

అతుకులకు నొక్కుడు క్లిప్పు కనెక్టర్లు వాడలేదు, టంకం వేశాను. ఆ క్లిప్పుల పళ్లు రాగి ప్యాడ్‌ను కొంచెం మాత్రమే తాకుతాయి. మొదట బాగానే ఉంటుంది, వంటింటి తేమకు ఆ తాకిడి పాడైపోయి అతుకు దగ్గరే వోల్టులు పోవడం, వేడెక్కడం మొదలవుతాయి. దాన్ని కనిపెట్టడం తేలికే: స్ట్రిప్ వెలుగుతుండగా అతుకుకు ఇటు ప్లస్ ప్యాడ్ మీద ఒక మొన, అటు ప్లస్ ప్యాడ్ మీద ఇంకొక మొన పెడితే మంచి అతుకులో మీటరు దాదాపు సున్నా చూపాలి. అక్కడ 0.2 వోల్టు కనిపించినా ఆ అతుకును విప్పి మళ్లీ వేయాలి. టంకం వేసిన చోట స్లీవ్ ఎక్కించి వేడి చేసి బిగించాను.

230 వోల్టుల వైపు పని ఎలక్ట్రీషియన్‌కే వదిలాను. ఎంసీబీ దించి, టాల్ యూనిట్‌లోని 6 ఆంపియర్ల సాకెట్‌కు డ్రైవర్ కలిపాడు, లోహపు తొడుగు కాబట్టి ఎర్త్ కూడా ఇచ్చాడు. డ్రైవర్‌ను ఒవెన్ పైన కాకుండా, గాలి ఆడే పక్క అరలో, రేపు మార్చవలసి వస్తే చేతికందేలా స్క్రూలతో బిగించాం. 24 వోల్టుల వైరునూ మెయిన్స్ వైరునూ ఒకే పైపులో దూర్చబోతే ఆపి, వేర్వేరు దారుల్లో తెమ్మన్నాను.

అదే రోజు సాయంత్రం, చివరి కొలతలు

అరగంట వెలిగించి ఉంచిన తరువాత కొలిచాను. డ్రైవర్ టెర్మినళ్ల దగ్గర 24.0, మూలలో 23.7, పొట్టి గోడ కొసన 23.4, పొడవు గోడ కొసన 23.1. రెసిస్టర్ లెక్కలో చూస్తే మూలకూ పొడవు కొసకూ మధ్య వెలుగు తేడా 10 శాతం దగ్గర ఉంటుంది, అది 3.2 మీటర్ల మేర పరుచుకుని ఉంది. తెల్ల కాగితాన్ని ఒక కొస నుంచి ఇంకొక కొసకు గట్టు మీద జరుపుతూ చూసినా నా కంటికి మార్పు తెలియలేదు. ఫోను కెమెరాను తక్కువ వెలుగుకు బిగించి రెండు చోట్లా ఫొటో తీస్తేనే తేడా కొద్దిగా కనిపించింది. ఎలక్ట్రీషియన్ కూడా మీటరు పట్టుకుని ఒకసారి అంతా తిరిగి చూసి, "డ్రైవర్ పెద్దది అక్కర్లేదన్నమాట సార్, వైరు పెద్దది కావాలి" అన్నాడు. నేను ఇంకొంచెం సవరించాను: వైరుతో పాటు ప్రవేశించే చోటు కూడా.

డ్రైవర్ తొడుగు చేతికి గోరువెచ్చగా తగిలింది, అంతకు మించి లేదు. నల్లరాయిలో చుక్కలు లేవు, ఒక తెల్లని గీత మాత్రం కనిపిస్తోంది. దాన్ని పూర్తిగా పోగొట్టాలంటే రాయి నిగారింపు తగ్గించాలి, దానికి ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు.

మిగిలిన పని డిమ్మర్. రాత్రిపూట మంచినీళ్లకు వచ్చేవాళ్లకు ఇంత వెలుగు అక్కరలేదు. గోడ మీది మామూలు డిమ్మరు గాని, ఫ్యాను రెగ్యులేటరు గాని డ్రైవర్ ముందు పెడితే ఇలాంటి డ్రైవర్ రొద చేస్తుంది, లైటు రెపరెపలాడుతుంది. డ్రైవర్‌కూ స్ట్రిప్‌కూ మధ్య, 24 వోల్టుల వైపు పెట్టే పీడబ్ల్యూఎం డిమ్మరే కావాలి, మన 2.24 ఆంపియర్లకు 4 ఆంపియర్ల సామర్థ్యం ఉన్నది చాలు. దాన్ని పెట్టిన తరువాత వోల్టులు కొలవాలంటే డిమ్మరును నూరు శాతం మీద ఉంచాలి, ఎందుకంటే తగ్గించి పెట్టినప్పుడు అది లైటును వేగంగా ఆర్పుతూ వెలిగిస్తూ ఉంటుంది, మామూలు మల్టీమీటరు వాటి సగటును చూపించి 12, 15 వంటి అర్థం లేని అంకెలు ఇస్తుంది. డిమ్మరుకు స్థలం టాల్ యూనిట్‌లో డ్రైవర్ పక్కనే వదిలి ఉంచాను, వైరును అక్కడ కత్తిరించి స్క్రూ టెర్మినల్‌తో కలిపాను, కనుక అది వచ్చిన రోజున కొత్తగా టంకం వేయవలసిన పని ఉండదు.